టవర్ అందని చోటికి వెళ్తున్నారా? ఫోనులోని ఉపగ్రహ సందేశాలను నమ్ముకునే ముందు

కొండలకో, అడవికో, ఎడారికో బయలుదేరేవారిలో చాలామంది ఇప్పుడు ధీమాగా ఒక మాట అంటున్నారు: "నా ఫోను ఉపగ్రహంతో మాట్లాడుతుంది, ఇబ్బంది లేదు." మాట అబద్ధం కాదు. కానీ సిమ్ నెట్‌వర్క్ పనిచేసినట్టే ఇదీ పనిచేస్తుందనుకుంటే, అవసరం పడిన రోజున ఆ ఫోనే చేతిలో ఉన్నా సాయం అందకపోవచ్చు. రెండింటికీ ఉన్న తేడా ఏమిటో, ఆ తేడా వల్ల బయలుదేరే ముందు ఏం చేసుకోవాలో వివరంగా చెబుతాను.

అసలు తేడా దూరంలో ఉంది. మామూలు టవర్ మీకు రెండు మూడు కిలోమీటర్లలో ఉంటుంది. ఐఫోన్ 14 నుంచి ఆపిల్ వాడుతున్న గ్లోబల్‌స్టార్ ఉపగ్రహాలు దాదాపు 1,400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. ఫోను ప్రసార శక్తి మాత్రం సుమారు 0.2 వాట్లే. దూరం పెరిగేకొద్దీ సంకేతం ఆ దూరపు వర్గం లెక్కన బలహీనపడుతుంది కాబట్టి, అడ్డేమీ లేని 3 కిలోమీటర్లతో పోలిస్తే 1,400 కిలోమీటర్ల దూరంలో అది రెండు లక్షల రెట్లకు పైగా సన్నగిల్లుతుంది. టవర్ సంకేతం గోడ దాటి, కిటికీ దాటి, జేబులోకి వచ్చినా సరిపోతుంది. ఉపగ్రహ సంకేతానికి అంత మిగులు ఉండదు. తడిసిన ఆకులు, కారు పైకప్పు, బండరాయి, ఏది అడ్డొచ్చినా చాలు. అందుకే ఈ దారిలో వెళ్లేవి ప్రధానంగా చిన్న సందేశాలే. ఆకాశం పూర్తిగా కనిపిస్తే ఒక సందేశం 30 సెకన్లలో వెళ్లవచ్చనీ, ఓ మోస్తరు చెట్ల కింద నిమిషం దాటవచ్చనీ ఆపిల్ చెబుతోంది. దట్టమైన అడవిలో అసలు వెళ్లకపోవచ్చు.

ఇక్కడే చాలామంది పొరపడే విషయం ఇంకొకటి ఉంది. మ్యాపులో నీలం చుక్క కనిపిస్తోంది కదా, అంటే ఉపగ్రహం అందుతున్నట్టే అనుకుంటారు. జీపీఎస్‌లో ఫోను వినడమే తప్ప ఏమీ పంపదు. మీరున్న చోటు మీ ఫోనుకు తెలిసినంత మాత్రాన అది మరెవరికీ తెలియదు.

ఉపగ్రహ సందేశాలన్నీ ఒక రకం కావు. మీ ఫోనుది ఏ రకమో ప్రయాణానికి ముందే తెలుసుకోవాలి. మొదటిది, పైన చెప్పిన గ్లోబల్‌స్టార్ వంటి తక్కువ ఎత్తు ఉపగ్రహాలు. ఇవి గంటకు 25 వేల కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి, ఒక్కొక్కటి కొన్ని నిమిషాలే కనిపిస్తుంది. ఎటు తిరగాలో ఫోను తెరమీద చూపిస్తుంది, మీరు అటు తిరిగి నిలబడాలి. రెండోది, భూమధ్యరేఖకు పైన దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, నేల నుంచి చూస్తే కదలనట్టే ఉండే భూస్థిర ఉపగ్రహాలు. పిక్సెల్ 9లో వచ్చిన అత్యవసర సౌకర్యం వీటి మీదే ఆధారపడుతుంది. మూడోది, ఉపగ్రహమే టవర్‌లా నటించే పద్ధతి. స్టార్‌లింక్ ఉపగ్రహాలతో అమెరికాలో టీ-మొబైల్, న్యూజిలాండ్‌లో వన్ ఎన్‌జడ్ ఇచ్చే సేవ ఇదే. ఇందులో మీ సిమ్, మీ నంబరే పనిచేస్తాయి, ఫోనును ఎటూ తిప్పనక్కర్లేదు, ఫోనులో ప్రత్యేకమైన చిప్ కూడా అవసరం లేదు. కానీ ఆ సేవ ఆ కంపెనీ ఖాతాదారులకే, ఆ దేశపు అనుమతి ఉన్న మేరకే.

నా దృష్టిలో మొదటి రెండింటి మధ్య తేడాయే ప్రాణం మీదకు వచ్చినప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. తక్కువ ఎత్తు ఉపగ్రహమైతే ఓపిక పట్టడం పనిచేస్తుంది. ఇప్పుడు కొండ అడ్డున్నా, కొద్ది నిమిషాల్లో మరో ఉపగ్రహం మరో దిక్కున రావచ్చు. భూస్థిర ఉపగ్రహమైతే గంటలు కూర్చున్నా అది అక్కడి నుంచి కదలదు. కదలాల్సింది మీరే. ఫోను ప్రతిసారీ ఒకే దిక్కు చూపిస్తోందంటే ఈ రెండో రకమని గుర్తు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఉత్తరార్ధగోళంలో 45 డిగ్రీల అక్షాంశం దగ్గర, తూర్పు పడమరలుగా సాగే లోయలో ఇద్దరు నడుస్తున్నారు. ఒకరి చీలమండ విరిగింది. వాళ్ల దగ్గరున్నది భూస్థిర ఉపగ్రహంతో పనిచేసే ఫోను. ఆ అక్షాంశంలో, ఉపగ్రహం సరిగ్గా దక్షిణాన ఉంటే, అది నేలమట్టం నుంచి దాదాపు 38 డిగ్రీల ఎత్తున ఉంటుంది. లోయకు దక్షిణపు గోడ 300 మీటర్లు. ఆ గోడకు 200 మీటర్ల దూరంలో ఉంటే దాని అంచు 56 డిగ్రీల ఎత్తుకు లేస్తుంది, ఉపగ్రహం దాని వెనుక దాక్కుంటుంది. అక్కడే నిలబడి ఎన్నిసార్లు ప్రయత్నించినా బ్యాటరీ కరగడం తప్ప ఫలితం ఉండదు. అదే ఉత్తరం వైపు నడిచి గోడకు 500 మీటర్ల దూరానికి చేరితే అంచు 31 డిగ్రీలకు దిగుతుంది, ఉపగ్రహం బయటపడుతుంది. అంటే గాయపడిన మనిషిని కదిలించకుండా, రెండో మనిషి 300 మీటర్లు నడిస్తే సరిపోతుంది. ఇంకా ఉత్తరానికి, 60 డిగ్రీల అక్షాంశానికి వెళ్తే ఆ ఉపగ్రహం 22 డిగ్రీలకే పరిమితమవుతుంది. అక్కడ చిన్న గుట్ట కూడా పెద్ద అడ్డే.

కదిలే ముందు ఒక పని చేయాలి. గాయపడిన వ్యక్తి ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలను కాగితం మీద రాసుకోవాలి. ఎందుకంటే సందేశంతో పాటు ఫోను తానున్న చోటును పంపుతుంది, మనిషి ఉన్న చోటును కాదు. దశాంశం తర్వాత నాలుగు అంకెలు రాస్తే పదకొండు మీటర్ల వరకు కచ్చితత్వం వస్తుంది, వెతికేవారికి అది చాలు.

ఉపగ్రహం కోసం వెతకడానికి ముందు మామూలుగా అత్యవసర నంబరుకు కాల్ చేసి చూడాలి. మీ కంపెనీ టవర్ లేకపోయినా, చుట్టుపక్కల వేరే కంపెనీ టవర్ ఏదైనా ఉంటే చాలా దేశాల్లో అత్యవసర కాల్ దాని మీదుగా వెళ్తుంది. మాట నేరుగా కలిస్తే అంతకంటే మేలు లేదు. అది కుదరనప్పుడే ఐఫోన్ వంటివి ఉపగ్రహ దారిని చూపిస్తాయి. ఏం జరిగింది, ఎవరికి, ఎంతమంది ఉన్నారు అని కొన్ని ప్రశ్నలు అడిగి, జవాబులను, మీరున్న చోటును, బ్యాటరీ శాతాన్ని కలిపి ఒకే సంక్షిప్త సందేశంగా పంపుతాయి. ఆ ప్రశ్నలను దాటేయాలని ఎవరికైనా అనిపిస్తుంది, కంగారులో మరీను. దాటేయకండి. ఇక్కడ ఒక్కో మాట అటూ ఇటూ వెళ్లిరావడానికి నిమిషాలు పడుతుంది. మొదటి సందేశంలోనే అన్నీ ఉంటే సహాయకులు తిరిగి అడగాల్సిన పని తగ్గుతుంది.

మీరే రాయాల్సి వస్తే ఇలా రాయవచ్చు: "కుడి చీలమండ విరిగింది. నడవలేడు. స్పృహ ఉంది. ఇద్దరం. నీళ్లున్నాయి. బ్యాటరీ 60." మామూలు ఎస్సెమ్మెస్ ఇంగ్లిష్ అక్షరాల్లో 160 వరకు పడుతుంది, తెలుగు లిపిలో 70 మాత్రమే, అందులో గుణింతపు గుర్తులు కూడా లెక్కలోకి వస్తాయి. దాటితే అది ముక్కలుగా వెళ్తుంది, ప్రతి ముక్కకూ వేరుగా సమయం పడుతుంది. కాబట్టి ఇంటివారికి తెలుగులో పంపేటప్పుడు ఒక్కో వాక్యం చొప్పున పంపండి.

ఇంటి దగ్గర ఉండేవారికి చెప్పాల్సింది కూడా ఉంది. సిమ్ నెట్‌వర్క్‌లో వాళ్లు పంపింది మీ జేబులో ఉన్న ఫోనుకు దానంతట అదే వస్తుంది. ఐఫోన్ ఉపగ్రహ సందేశాల్లో మీరు ఫోను తీసి, ఉపగ్రహం వైపు తిరిగి, అనుసంధానం అయ్యేదాకా అవి మీకు చేరవు. "సందేశం పెట్టాను, జవాబు లేదు" అని వాళ్లు భయపడటానికి ఇదొక్కటే కారణం కావచ్చు. ముందే ఒక ఒప్పందానికి రండి. సాయంత్రం ఆరింటికి నేను అనుసంధానం చేస్తాను, ఎనిమిది దాటినా కబురు లేకపోతే ఇంకా ఆందోళన వద్దు, మర్నాడు ఉదయం పదింటికీ లేకపోతే ఫలానా రక్షణ బృందానికి ఫోను చేయండి, నేను వెళ్లే దారి ఇదీ అని కాగితం మీద రాసి ఇవ్వండి. మీ దారి తెలిసిన మనిషి ఒకరు వెనుక ఉండటాన్ని ఏ ఉపగ్రహమూ భర్తీ చేయలేదు.

సర్దుబాట్లన్నీ నెట్‌వర్క్ ఉన్నచోటే పూర్తవ్వాలి. ఐఫోన్‌లో ఐమెసేజ్ ముందే ఆన్ చేసి ఉండాలి. అత్యవసర సమయంలో సంప్రదించాల్సినవారి పేర్లు ముందే నమోదై ఉంటే, మీరు మొదట పలకరించకపోయినా వాళ్లు ఉపగ్రహం ద్వారా మీకు సందేశం పంపగలరు. Settings లో Emergency SOS కింద Try Demo అని ఉంటుంది. ఇంటి బయట నిలబడి దాన్ని ఒకసారి చేయండి. ఎటు తిరగాలో, ఎంతసేపు కదలకుండా పట్టుకోవాలో చేతికి అలవాటవుతుంది, నిజమైన కబురు ఎవరికీ వెళ్లదు. వెళ్లే ప్రాంతపు మ్యాపును కూడా అప్పుడే దించుకోండి.

వెళ్లే దేశంలో ఆ సేవ ఉందో లేదో చూడటం మరవకండి. ఫోనులో సౌకర్యం ఉన్నా, ఆ దేశంలో అనుమతి లేకపోతే అది తెరుచుకోదు. ప్రత్యేక ఉపగ్రహ ఫోన్లు, సందేశ పరికరాలు పట్టుకెళ్లేవారికి ఇది మరింత ముఖ్యం. భారత్‌లో అనుమతి లేకుండా అలాంటివి వెంట ఉంచుకున్న విదేశీ యాత్రికులను విమానాశ్రయాల్లో అదుపులోకి తీసుకున్న సందర్భాలు ఉన్నాయి.

దారిలో బ్యాటరీని తినేది ఉపగ్రహం కంటే లేని టవర్ కోసం వెతుకులాటే. నడుస్తున్నప్పుడు విమాన మోడ్‌లో ఉంచండి, జీపీఎస్ అప్పుడూ పనిచేస్తుంది. సందేశం పంపేముందు ఆ మోడ్ తీసేయండి. చలిలో ఫోనును లోపలి జేబులో, ఒంటికి ఆనించి ఉంచాలి. సాయం కోరిన తర్వాత కనీసం కొన్ని గంటలు ఫోను బతికి ఉండాలి కాబట్టి, ఛార్జింగ్ ఇచ్చే పవర్ బ్యాంకు వెంట ఉండాల్సిందే.

ఇన్ని పరిమితులున్నా ఈ సౌకర్యం బాగా ఉపయోగపడే సందర్భాలు స్పష్టంగా ఉన్నాయి. బోడి కొండలు, ఎడారి, మంచు మైదానం, తీరానికి దూరంగా లేని సముద్రం వంటి ఆకాశం విప్పారిన చోట్లు. మనిషికి స్పృహ ఉండి, ఫోను పగలకుండా ఉన్న ప్రమాదాలు. టవర్లే కూలిన విపత్తులు. 2024లో హెలీన్ తుపాను అమెరికాలో టవర్లను దెబ్బతీసినప్పుడు, స్టార్‌లింక్ నేరుగా ఫోన్లకు సందేశాలు పంపడానికి అక్కడి నియంత్రణ సంస్థ అత్యవసర అనుమతి ఇచ్చింది. గుహలో, ఇరుకైన గండిలో, నడిసముద్రంలో మాత్రం దీని మీద ఆశ పెట్టుకోకండి. గ్లోబల్‌స్టార్ ఉపగ్రహం మీ మాటను నేలమీది కేంద్రానికి అద్దంలా తిప్పి పంపుతుంది. ఆ కేంద్రం కూడా దాని కంటికి కనిపించాలి, నడిసముద్రంలో అది దొరకదు.

నడిసముద్రానికి, లేదా ఒంటరిగా చాలా రోజులు వెళ్లేవారు, ఆపదలో సాయం కోరే సంకేతం పంపే వ్యక్తిగత బీకన్ ఒకటి వెంట ఉంచుకోవడం మంచిది. అది 406 మెగాహెర్ట్జ్‌పై, ఫోనుకు దాదాపు ఇరవై అయిదు రెట్ల శక్తితో, కనీసం 24 గంటలపాటు సంకేతం పంపుతుంది. కాస్పాస్-సార్‌శాట్ అనే అంతర్జాతీయ వ్యవస్థ దాన్ని వింటుంది. బీకన్ మాత్రం జవాబు మాట్లాడదు, ఇంటికి కబురు చేయదు. కొన్న వెంటనే మీ దేశపు అధికార సంస్థ దగ్గర పేరు, అత్యవసర ఫోను నంబర్లు నమోదు చేయించి, బ్యాటరీ గడువు తేదీ చూసి, సంచి అడుగున కాకుండా, మీరు పడిపోయినా చేతికి అందే చోట తగిలించుకోండి.