దూడ కొమ్ము మొగ్గ కాల్చడం – మూడో పాఠం: సూది ఎక్కడ, మందు ఎంత, ఆగేది ఎంతసేపు

పోయిన రెండు పాఠాల్లో కోడెదూడలకు విత్తులు నొక్కడం గురించి చెప్పుకున్నాం. ఈసారి కొమ్ముల సంగతి చూద్దాం. పాఠమంతా ఒకే దూడ మీద నడుపుతాను. అది మూడు వారాల పెయ్యదూడ, బరువు 40 కిలోలు, పాలు బాగా తాగుతోంది, పారుడు లేదు. మందు లెక్క, సూది గుచ్చే చోటు, ఇనుము పెట్టే తీరు అన్నీ దీనికే చూస్తాం. ఒక్క షరతు ఉంది. మందులు పశువైద్యుడు రాసిచ్చినవే వాడాలి. సూది వేయడం మొదటిసారి ఆయన పక్కన ఉండగానే నేర్చుకోవాలి. ఎవరు ఏం చేయవచ్చో ఒక్కో దేశంలో చట్టం ఒక్కోలా ఉంటుంది, అదీ ఆయన్నే అడగండి.

ముందు వయసు సంగతి. దూడ నెత్తి మీద వేలు పెట్టి కొమ్ము మొగ్గను పక్కకు జరిపి చూడండి. ఈ వయసులో అది చర్మంతో పాటు కదులుతుంది. అంటే మొగ్గ ఇంకా చర్మంలోనే ఉంది, కింద ఎముకకు అతుక్కోలేదు. చుట్టూ ఉన్న చర్మాన్ని సన్నటి వలయంలా కాలిస్తే చాలు, మొగ్గకు రక్తం అందక ఎండి రాలిపోతుంది. సుమారు రెండు నెలలు దాటేసరికి అది ఎముకకు అతుక్కుంటుంది. ఇంకొన్ని నెలలకు నుదుటి ఎముకలోని గాలి గది కొమ్ము లోపలికి కూడా విస్తరిస్తుంది. అప్పుడు కొమ్ము కోస్తే తలలోకి రంధ్రం తెరుచుకుంటుంది, రక్తం ఎక్కువగా పోతుంది, చీము పట్టే ప్రమాదం ఉంటుంది. అది పూర్తిగా వేరే ఆపరేషన్, ఈ పాఠంలోకి రాదు. కాబట్టి మొగ్గ వేలికి స్పష్టంగా తగిలిన వెంటనే పని చేయాలి. ఎక్కువ దూడలకు అది రెండు నుంచి నాలుగు వారాల మధ్య ఉంటుంది. దూడకు పారుడు ఉన్నా, అదే రోజు తల్లి నుంచి వేరు చేస్తున్నా, టీకా వేస్తున్నా ఇంకో వారం ఆగండి.

నొప్పికి రెండు మందులు కావాలి. ఒక్కదానితో సరిపెట్టుకోవడం దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. లిగ్నోకెయిన్ నరాన్ని మొద్దుబారుస్తుంది, కాల్చేటప్పుడు నొప్పి తెలియదు. కానీ దాని ప్రభావం గంట, రెండు గంటలకు మించి ఉండదు. ఆ తర్వాత కాలిన గాయం మంట ఒక్కసారిగా మొదలవుతుంది. ఆ సమయాన్ని మెలాక్సికాం చూసుకుంటుంది. అది వాపునూ నొప్పినీ తగ్గిస్తుంది, దూడల్లో రెండు రోజుల దాకా పనిచేస్తుంది. పని మొదలుపెట్టడానికి కొంత సమయం తీసుకుంటుంది కాబట్టి మెలాక్సికామే ముందు ఇవ్వాలి.

మన దూడకు లెక్క వేద్దాం. మెలాక్సికాం కిలోకు 0.5 మి.గ్రా., 40 కిలోలకు 20 మి.గ్రా. ఇక్కడ సీసా మీద ఏం రాసి ఉందో రెండుసార్లు చదవండి. మి.లీ.కు 5 మి.గ్రా. ఉన్న సీసా అయితే 4 మి.లీ. కావాలి. మి.లీ.కు 20 మి.గ్రా. ఉన్నదైతే 1 మి.లీ. చాలు. రెండో సీసా నుంచి అలవాటు కొద్దీ 4 మి.లీ. లాగితే దూడకు నాలుగు రెట్ల మందు పడుతుంది. దీన్ని మెడ పక్కన చర్మం కింద వేస్తారు. ఒంట్లో నీరు తగ్గిన దూడకు ఇది ఇవ్వకూడదు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇంట్లో డైక్లోఫెనాక్ ఉంది కదా అని అది మాత్రం వేయకండి. ఆ మందు ఒంట్లో ఉండగా చనిపోయిన పశువును తిన్న రాబందులు చచ్చిపోతాయి. మెలాక్సికాంతో వాటికి ఆ ముప్పు లేదు.

ఇక లిగ్నోకెయిన్. మామూలుగా దొరికే 2 శాతం మందులో మి.లీ.కు 20 మి.గ్రా. ఉంటుంది. ఒక్కో వైపుకు 5 మి.లీ., రెండు వైపులా కలిపి 10 మి.లీ., అంటే 200 మి.గ్రా. మన దూడ బరువుకు కిలోకు 5 మి.గ్రా. పడింది. కిలోకు 6 మి.గ్రా. దాటనివ్వకపోవడం నేను పాటించే హద్దు. అంటే ఈ దూడకు మొత్తం 12 మి.లీ. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఒక వైపు సూది సరిగ్గా తగలకపోతే మళ్లీ వేయడానికి మీ చేతిలో మిగిలేది 2 మి.లీ. మాత్రమే. అదే 30 కిలోల దూడైతే ఒక్కో వైపుకు 4 మి.లీ.తో ఆపండి. మోతాదు మించితే దూడ మత్తుగా తూలుతుంది, కండరాలు అదురుతాయి, ఇంకా ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి.

నరం ఎక్కడుందో కంటికి కనబడదు, వేలికి దారి తెలుస్తుంది. బొటనవేలిని దూడ కంటి బయటి కొస మీద పెట్టి మెల్లగా కొమ్ము మొగ్గ వైపు జరపండి. వేలి కింద సన్నటి ఎముక గట్టు ఒకటి తగులుతుంది. గట్టుకు పైన గట్టిగా ఎముక ఉంటుంది, కింద మెత్తగా పల్లంగా ఉంటుంది. కొమ్ముకు వెళ్లే నరం ఆ గట్టు అంచు కిందనే, దాన్ని ఆనుకుని పోతుంది. కంటి కొసకూ మొగ్గకూ సరిగ్గా మధ్యలో ఆగండి. అక్కడ వెంట్రుకలు కత్తిరించి స్పిరిట్‌తో తుడవండి. 20 గేజ్, అంగుళం పొడవున్న సూదిని గట్టు అంచు కిందుగా, మొగ్గ వైపు చూసేలా పోనివ్వండి. లోతు ఒక సెంటీమీటరు లోపే ఉండాలి. ఇంకా లోపలికి పోతే మందు కణత కండలో పడుతుంది, నరానికి చేరదు. సూది వేసినా పని చేయలేదని చెప్పేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. పిస్టన్ కొంచెం వెనక్కి లాగి చూడండి. రక్తం వస్తే సూది కాస్త బయటికి తీసి దిశ మార్చండి. రక్తం రాకపోతే 4 మి.లీ. నెమ్మదిగా వదలండి, మిగిలిన ఒక్క మి.లీ. సూది బయటికి తీస్తూ వదలండి. తర్వాత వేలితో రెండుసార్లు రుద్దండి. రెండో వైపూ ఇలాగే.

ఇప్పుడు గడియారం చూసి పది నిమిషాలు ఆగండి. నేను నేర్చుకునే రోజుల్లో ఇనుము ఎర్రగా కాలిపోయి ఉందని, చల్లారిపోతుందేమోనన్న టెన్షన్‌తో మూడు నిమిషాలకే మొగ్గ మీద పెట్టేశాను. దూడ ఒక్క ఉదుటున లేచింది. నా చెయ్యి జారి దాని కనురెప్ప పైన గీత పడింది. కన్ను దక్కింది కానీ ఆ మచ్చ దూడ పెద్దయ్యాక కూడా కనిపించేది. అప్పటి నుంచి సూదులు రెండూ వేశాకే ఇనుము వేడి పెట్టడం మొదలుపెడతాను. దానివల్ల తొందరపడే అవకాశమే ఉండదు.

పది నిమిషాల తర్వాత పరీక్ష చేయాలి. పై కనురెప్ప వాలిపోతే మంచి సూచనే, కానీ అది రుజువు కాదు. ముందు మెడ మీద సూదితో చిన్నగా గుచ్చండి, దూడ ఉలిక్కిపడుతుంది. తర్వాత మొగ్గ చుట్టూ ముందు, లోపల, వెనక ఇలా నాలుగైదు చోట్ల గుచ్చండి. మెడ దగ్గర ఉలిక్కిపడి ఇక్కడ కదలకపోతే మందు పట్టినట్టు. ఒక్క చోట తల విదిల్చినా ఇంకో ఐదు నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ తెలుస్తుంటే ఆ వైపు మిగిలిన 2 మి.లీ. వేసి మళ్లీ పది నిమిషాలు ఆగాలి. అప్పటికీ పట్టకపోతే ఆ రోజుకు ఆపేయండి, కొద్ది రోజుల తర్వాత చేయొచ్చు.

ఇనుము సుమారు 600 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఎర్రగా మెరవాలి. చెక్క ముక్క మీద పెట్టి చూడండి, రెండు మూడు సెకన్లలో నల్లటి గుండ్రని ముద్ర పడితే సిద్ధం. వేడి తక్కువైన ఇనుమే ఎక్కువ హాని చేస్తుంది. అది త్వరగా కాల్చదు, మనం నొక్కి పట్టుకుంటూ ఉంటాం, వేడి ఎముక దాకా దిగుతుంది. తోడుగా ఉన్న మనిషి దూడను గోడకు ఆనించి, తల ఒక పక్కకు తిప్పి, చెవి వెనక్కి పట్టుకోవాలి. ఇనుము గుంట మధ్యలో మొగ్గ పడేలా పెట్టి, తేలిగ్గా నొక్కి, మణికట్టుతో చుట్టూ దొర్లించండి. పది సెకన్లకు ఎత్తి చూడండి. మొగ్గ చుట్టూ రాగి రంగు వలయం ఎక్కడా తెగకుండా వచ్చిందా? వస్తే చాలు. రాకపోతే ఇంకో ఐదు సెకన్లు. అప్పటికీ రాలేదంటే తప్పు ఇనుముది. దాన్ని మళ్లీ వేడి పెట్టండి కానీ బలంగా నొక్కకండి.

మొగ్గను గీరి తీసేయాలని కొందరంటారు. వలయం పూర్తిగా పడితే నేను ముట్టుకోను. అది ఎండి తనంతట తాను రాలుతుంది, గాయం తెరుచుకోదు. వలయంలో చిన్న ఖాళీ మిగిలినా మాత్రం కొన్ని నెలలకు అక్కడి నుంచి వంకర కొమ్ము మొలుస్తుంది. అది తల వైపు తిరిగి చర్మంలోకి గుచ్చుకోవచ్చు. మూడు నెలల వయసులో మొగ్గ చోట గట్టి బుడిపె తగిలితే పశువైద్యుడికి చూపించండి, మళ్లీ మీరు కాల్చొద్దు.

ఆ సాయంత్రం దూడ దగ్గర పది నిమిషాలు కూర్చోండి. ఊరికే తల విదిలించడం, చెవులు ఆడించడం, వెనక కాలితో నెత్తి గీరుకోవడం, పాలు సగంలో వదిలేయడం, ఇవి నొప్పి గుర్తులు. ఒకటీ అరా ఉంటాయి. ఆగకుండా ఉంటే, లేదా రెండో రోజుకు పెరిగితే, వైద్యుడికి ఫోన్ చేసి నొప్పి మందు మళ్లీ ఇవ్వాలా అని అడగండి. మూడో రోజున, పదో రోజున గాయం చూడండి. పొడిగా గోధుమరంగు పొక్కు ఉంటే బాగున్నట్టే. వాసన, చీము, చుట్టూ వాపు, ఈగలు ముసరడం ఉంటే ఆలస్యం చేయకండి. పురుగులు పడితే లోపలికి తొలిచేస్తాయి. అందుకే ఈగలు ఎక్కువగా ఉండే రోజుల్లో, వాన ముసురులో ఈ పని పెట్టుకోను. పైకి మానినట్టే కనిపించినా కొత్త చర్మం పూర్తిగా కప్పుకోవడానికి రెండు నెలల దాకా పట్టొచ్చు. అప్పటి వరకు ఆ చోటు ముట్టుకుంటే దూడకు బాధే. తల చుట్టూ తాడు కట్టకండి, ప్రేమతో కూడా నెత్తి నిమరకండి.

వచ్చే పాఠంలో మేకపిల్లలు. ఈలోగా ఈ పాఠంలోని కొలతలు వాటి దగ్గరికి తీసుకెళ్లకండి. 4 కిలోల మేకపిల్లకు కిలోకు 5 మి.గ్రా. లెక్కన లిగ్నోకెయిన్ మొత్తం 20 మి.గ్రా., అంటే 2 శాతం మందు ఒక్క మి.లీ. మాత్రమే. మేకలో ఒక్కో కొమ్ముకు రెండు నరాలు వస్తాయి కాబట్టి దాన్ని కూడా పలుచన చేసి నాలుగు చోట్లకు పంచాలి. దాని పుర్రె ఎంత పల్చనిదంటే దూడకు పెట్టినంతసేపు ఇనుము పెడితే వేడి మెదడును తాకుతుంది.