కంపెనీకి ఓటీ లెటర్ పంపేముందు చూసుకోవాల్సినవి

మన పాలమూరు నుంచి దుబాయ్ పోయిన తమ్ముడొకడు, ఓటీ అంటే ఓవర్‌టైమ్ పైసలు కంపెనీ ఇయ్యలేదని, "మా రక్తం తాగుతున్రు, దొంగలు" అని రాసి వాట్సాప్‌ల పంపనీకి రెడీ అయిండు, ఆపి మొత్తం తిరగ రాపిచ్చిన. మీరు గూడ పంపేముందు ఇవి చూస్కోర్రి.

ముందు తిట్లు తీసెయ్యి. అక్కడ మెసేజ్‌ల తిట్టినా కేసు అయితది, న్యాయం నీదే అయినా ఇరుక్కునేది నువ్వే.

లెక్క బేసిక్ మీదనే కట్టాలె, రూమ్, తిండి అలవెన్సులు కలపొద్దు. వానిది బేసిక్ 1200 దిర్హాములు, 30తోని, మళ్ల 8తోని భాగిస్తే గంటకు 5. యూఏఈ చట్టం ప్రకారం ఓటీకి ఇంకో 25 శాతం, అంటే 6.25. రోజుకు 2 గంటల లెక్కన 78 రోజులకు 156 గంటలు, మొత్తం 975 దిర్హాములు.

గా తిట్టు జాగల ఇప్పుడు గిట్ల ఉంది: "ఏప్రిల్, మే, జూన్‌లల్ల 156 గంటలు ఓటీ చేసిన. 975 దిర్హాములు రావాలె. తేదీల లిస్టు జత చేసిన. 15 రోజుల్ల చెల్లించాలె, లేకుంటే లేబర్ మినిస్ట్రీల కంప్లైంట్ ఇస్త." ఇది బెదిరింపు కాదు, హక్కు.

"పైసలియ్యకుంటే డ్యూటీకి రాను" అని మాత్రం రాయకు, పరారైండని రిపోర్ట్ కొడతరు.

టైమ్‌షీట్ ఫొటోలు, పేస్లిప్పులు ఇంటికి గూడ పంపి పెట్టు, కంపెనీ ఫోన్‌ల ఒక్కదాంట్లనే ఉంచకు.