పాత కాంక్రీటు పెచ్చులూడుతోందా? ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి

కర్నూలు, అనంతపురం, కడపల్లో 1950, 60ల నాటి కాంక్రీటు భవనాలు చాలానే ఉన్నాయి. కర్నూలు 1953 నుంచి 56 వరకు ఆంధ్ర రాష్ట్ర రాజధాని కదా, ఆ కాలం గుర్తుగా నిలిచిన కట్టడాలంటే మనకు మమకారం ఉంటుంది. ఇలాంటి వాటిలో పెచ్చులూడగానే "కాంక్రీటుకు వయసైపోయింది, కూల్చేద్దాం" అనో, "మేస్త్రీని పిలిచి ప్లాస్టరింగ్ చేయించేద్దాం" అనో అంటారు. కారణం తెలియకుండా ఈ రెండూ చేయకూడదు.

లక్షణం: సజ్జ కింద పొడవాటి పగులు, గోధుమరంగు మరక, తర్వాత పెచ్చులు

పగులు ఎటు పోతోందో చూడండి. కడ్డీ వెంబడే తిన్నగా సాగి, పక్కనే సమాన దూరంలో ఇంకోటి కనిపిస్తే లోపల తుప్పు పట్టిందన్నమాట. సాలెగూడులా అన్ని వైపులా అల్లుకున్న సన్నటి బీటలైతే అవి చాలాసార్లు పైపూత ఆరడంలో వచ్చినవే, వాటికి కంగారు పడొద్దు. చిన్న సుత్తితో తడుతూ వెళ్లండి, డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయండి. కంటికి కనిపించేదానికంటే డొల్ల ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

కారణం: కార్బొనేషన్, దానికి తోడు తడి

కొత్త కాంక్రీటు బాగా క్షారంగా ఉంటుంది, పీహెచ్ 12.5 పైనే. ఆ క్షారంలో స్టీలు మీద ఒక పలుచటి రక్షణ పొర ఏర్పడి తుప్పు పట్టనివ్వదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా లోపలికి పోయి సున్నంతో కలిసి పీహెచ్‌ను 9 కిందికి దించేస్తుంది, దీన్నే కార్బొనేషన్ అంటాం. అది కడ్డీ దాకా చేరితే ఆ పొర పోతుంది. ఆపై నీరు, ఆక్సిజన్ దొరికితే స్టీలు తుప్పవుతుంది. తుప్పు అసలు ఇనుముకంటే కనీసం రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కాంక్రీటును లోపలి నుంచి నెట్టేస్తుంది.

మన ప్రాంతం సంగతి ఇక్కడే ప్రత్యేకం. గాలిలో తేమ 50 నుంచి 70 శాతం ఉన్నప్పుడు కార్బొనేషన్ వేగంగా సాగుతుంది, అంటే మరీ ఎండిపోయినా, పూర్తిగా తడిసినా అది నెమ్మదిస్తుంది. తుప్పుకు మాత్రం అంతకంటే చాలా ఎక్కువ తడి కావాలి. అందుకే రాయలసీమలో హాలు లోపలి స్లాబులో కార్బొనేషన్ ఎప్పుడో కడ్డీ దాటిపోయినా ఏళ్ల తరబడి ఒక్క పెచ్చు కూడా రాలకపోవచ్చు, అదే స్లాబు అంచున వాననీరు కారే చోట కడ్డీలు సన్నబడిపోయి ఉండొచ్చు.

ఎలా తెలుసుకోవాలి: ఒక భవనంలో లెక్క

కర్నూలులో 1960లో కట్టిన ఒక ప్రభుత్వ భవనాన్ని 2024లో పరిశీలించారు. స్తంభం మూల నుంచి చిన్న ముక్క పగలగొట్టి, దుమ్ము ఊదేసి, తాజా ముఖం మీద వెంటనే 1 శాతం ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లారు. గులాబీ రంగు వచ్చిన భాగంలో క్షారం ఉన్నట్టు, రంగు రాని భాగంలో పోయినట్టు. డ్రిల్లుతో రంధ్రం చేసి ఆ పొడి మీద చల్లితే తప్పుదారి పడతాం, పగలగొట్టిన ముఖమే కావాలి. రంగు రాని లోతు 32 మిల్లీమీటర్లు వచ్చింది.

కార్బొనేషన్ లోతు సుమారుగా కాలానికి వర్గమూలంలా పెరుగుతుంది. 64 ఏళ్లకు వర్గమూలం 8, కాబట్టి 32ను 8తో భాగిస్తే 4. స్తంభంలో కడ్డీకి కవర్, అంటే దానిమీద ఉన్న కాంక్రీటు మందం, 40 మిల్లీమీటర్లు ఉంది. 40ని 4తో భాగిస్తే 10, దాని వర్గం 100 ఏళ్లు, అంటే 2060 దాకా వ్యవధి ఉంది. అదే కాంక్రీటు అనుకుంటే సజ్జలో కవర్ 15 మిల్లీమీటర్లే కాబట్టి దాదాపు 14 ఏళ్లకే, 1974 ప్రాంతంలోనే కడ్డీ దాకా వచ్చేసింది. అయినా సజ్జలన్నీ పాడవలేదు. పిట్టగోడ గొట్టం నుంచి నీళ్లు పడే వైపువి మాత్రమే పెచ్చులూడాయి. ఆ గొట్టం సరిచేయకుండా ఏ మందు పూసినా లాభం లేదు.

ఇంకో అనుమానం ఉప్పు. అనంతపురంలో కొన్ని చోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆ నీళ్లతో కలిపిన కాంక్రీటు అయితే కార్బొనేషన్ చేరకముందే క్లోరైడ్ కడ్డీని గుంటలు గుంటలుగా తినేస్తుంది. గులాబీ రంగు వస్తూనే ఉన్నా కడ్డీ తుప్పుపట్టి ఉంటే ల్యాబులో క్లోరైడ్ పరీక్ష తప్పనిసరి. క్లోరైడ్ ఉన్న చోట కొంత భాగమే మరమ్మతు చేస్తే, కొత్త ప్యాచ్ పక్కనున్న పాత కడ్డీ త్వరగా తుప్పుపడుతుంది. కార్బొనేషన్ ఒక్కటే కారణమైతే ఈ బెడద చాలా తక్కువ.

పరిష్కారం: సజ్జ బాగుచేయడం

ముందు సజ్జ కింద ఊతకర్రలు పెట్టండి. ఇది మర్చిపోతే ప్రాణాలమీదికి వస్తుంది, ఎందుకంటే గోడ నుంచి బయటికి చాచిన సజ్జలో బరువు మోసే కడ్డీలు పైభాగంలో ఉంటాయి. పెచ్చులు కింద రాలుతుంటే అందరూ కిందే పూత వేస్తారు, నీళ్లు నిలిచేది పైన, అసలు కడ్డీ ఉన్నదీ పైనే. రెండు వైపులా తెరిచి చూడాలి.

డొల్ల ఉన్న చోట అంచులు కట్టర్‌తో నిటారుగా కోయండి, పలుచగా సాగదీసిన అంచు ఎక్కువకాలం నిలవదు. కడ్డీ వెనక వేలు పట్టేంత, సుమారు 20 మిల్లీమీటర్లు, కాంక్రీటు తీసేయాలి, కడ్డీ వెంబడి మంచి స్టీలు కనిపించే దాకా వెళ్లాలి. తుప్పు మొత్తం గీకేసి, ఇసుకను పీడనంతో చిమ్మి మెరిసేలా శుభ్రం చేసి, కడ్డీకి రక్షణ పూత పూయండి. కడ్డీ ఎంత సన్నబడిందో కొలిచి ఇంజినీరుకు చూపండి, బాగా తగ్గితే పక్కన కొత్త కడ్డీ కలపాల్సిందే. తర్వాత పాలిమర్ కలిపిన రిపేర్ మోర్టార్ పొరలు పొరలుగా నింపండి, పాత కాంక్రీటుకంటే మరీ గట్టిది వాడొద్దు, అతుకు దగ్గర విడిపోతుంది. ఏప్రిల్, మే ఎండల్లో ఈ పని పెట్టుకోకండి. తడి గోనెసంచులు వారం పాటు కప్పి ఉంచాలి.

పూత వేయని కాంక్రీటు కట్టడమైతే

చండీగఢ్‌లో వాస్తుశిల్పి లె కార్బూజియే రూపొందించిన భవనాల్లాగా కాంక్రీటే బయటికి కనిపించే కట్టడాల్లో పెయింట్ వేస్తే రూపమే పోతుంది. ఇక్కడ మోర్టార్‌కు అదే రంగు ఇసుక, అదే సైజు కంకర ఎంచి, ముందు కనపడని మూలన నమూనా ప్యాచ్‌లు వేసి, ఆరాక పోల్చి చూడాలి. తడిగా ఉన్నప్పుడు సరిపోయిన రంగు ఆరాక మారిపోతుంది, అందుకే తొందరపడకూడదు. చెక్క పలకల గుర్తులుంటే కొత్త దానిమీదా పలక పెట్టి తీసుకురావాలి.

కడ్డీల వెనక విస్తారంగా క్షారం పోయినా కాంక్రీటు ఇంకా గట్టిగానే ఉంటే, క్షారాన్ని తిరిగి ఎక్కించే పద్ధతి ఉంది. బయట సోడియం కార్బొనేట్ ద్రావణంలో తాత్కాలిక మెష్ ఉంచి, కడ్డీలకు కొన్ని రోజులపాటు తక్కువ కరెంట్ ఇస్తారు. డొల్ల భాగాలు ముందే బాగుచేసి, కడ్డీలన్నీ ఒకదానికొకటి తగిలి ఉన్నాయని నిర్ధారించుకోవాలి. గట్టిగా లాగి బిగించిన ప్రీస్ట్రెస్డ్ తీగలున్న చోట దీన్ని వాడకూడదు, స్టీలు పెళుసుబారే ప్రమాదం ఉంది.

పొడిగా ఉన్న హాలు స్లాబును మాత్రం ఫినాఫ్తలీన్ రంగు రాలేదని చెక్కేయకండి. పైకప్పు మీద నీరు నిలవకుండా వాలు సరిచేయించి, చెమ్మ మరకలు పెరుగుతున్నాయేమో ప్రతి వానాకాలం తర్వాత ఫోటో తీసి పోల్చుకుంటే చాలు.