యాక్చురియల్ పరీక్షలకు ఫీజు కట్టే ముందు: ఒక సిట్టింగ్‌కు ఒక బరువైన పేపరు

ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట వినిపిస్తుంది: "మూడు రాశాను, మూడూ కొద్దిలో పోయాయి." ఈసారీ అదే. తర్వాతి సిట్టింగ్‌కు ఫీజులు కట్టే రోజులు వచ్చేసరికి ఆ మూడింటికీ మరొకటి కలిపి నాలుగు కడదామనుకునేవాళ్లు కూడా కనిపిస్తున్నారు. పోయిన ఆర్నెల్లను ఒక్కసారే రాబట్టాలన్న తొందర. ఇది రాస్తున్నది వాళ్ల కోసం. రోజూ చదవాలి, పాత ప్రశ్నపత్రాలు చేయాలి లాంటివి ఇక్కడ ఉండవు, అవి అందరికీ తెలిసినవే.

ఇక్కడ చెప్పేది బీమా లాంటి రంగాల్లో రిస్కు లెక్కలు కట్టే యాక్చురీలు కావడానికి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చురీస్ ఆఫ్ ఇండియా పెట్టే పరీక్షల గురించి. ఏడాదికి రెండు సిట్టింగులు, వేసవిలో ఒకటి, ఏడాది చివర్లో ఒకటి. మొదటి మెట్టులో గణాంకాల పేపర్లు సీఎస్1, సీఎస్2, యాక్చురియల్ గణితం పేపర్లు సీఎమ్1, సీఎమ్2 బరువైనవి. ఫైనాన్స్, ఎకనామిక్స్ పేపర్లు సీబీ1, సీబీ2 వాటికంటే తేలిక. యాక్చురియల్ ప్రాక్టీస్ పేపరు సీపీ1 సంగతి వేరు, దాని దగ్గరకు తర్వాత వద్దాం.

మూడు పేపర్లు ఎందుకు కలిసి పోతాయి

ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేస్తూ వేసవి సిట్టింగ్ రాసే మనిషి లెక్క చూద్దాం. ఫలితాలు చూసుకుని మళ్లీ కూర్చునేసరికి పరీక్షకు 16 వారాలు ఉన్నాయనుకోండి. పని రోజుల్లో రెండేసి గంటలు, శని ఆదివారాలు కలిపి ఐదు గంటలు, అంటే వారానికి 15. కాగితం మీద 240 గంటలు వస్తాయి. కానీ మధ్యలో మార్చి 31 ఉంది. ఇయర్ ఎండ్ వాల్యుయేషన్ మొదలైతే ఏప్రిల్‌లో కనీసం మూడు వారాలు రాత్రి పదింటికి ఇల్లు చేరతారు. ఆ వారాల్లో ఐదేసి గంటలు దొరికితే గొప్ప. 13 వారాలకు 195, ఆ మూడు వారాలకు 15, మొత్తం 210 గంటలు.

బరువైన పేపరుకు మొదటిసారి 200 గంటలకు తక్కువ పెట్టి బయటపడేవాళ్లు అరుదు. ఆ 210 గంటలు సరిగ్గా ఒక పేపరువి. మూడింటికి పంచితే ఒక్కోదానికి 70.

డెబ్బై గంటల్లో మెటీరియల్ ఒకసారి చదవడం అవుతుంది. అర్థమైనట్టే ఉంటుంది కూడా. నిర్వచనాలు, ఒక మెట్టు లెక్కలు వచ్చేస్తాయి, మార్కులు నలభైలు దాటుతాయి. అక్కడి నుంచి పాస్ గీత దాకా తీసుకెళ్లేది ఆ తర్వాతి వంద గంటలు. పాత పేపర్లను టైమ్ పెట్టుకుని రాయడం, తప్పు ఎక్కడ జరిగిందో చూసుకుని అదే ప్రశ్న మళ్లీ చేయడం అప్పుడే జరుగుతాయి. మూడు పేపర్లు కట్టినవాళ్లు ఆ వంద గంటలను మూడింటిలోనూ పోగొట్టుకుంటారు. అందుకే మూడూ "కొద్దిలో" పోతాయి. అది దురదృష్టం కాదు, గంటల లెక్క. పైగా ఈసారి వచ్చిన మార్కులు వచ్చేసారికి జమ కావు. మూడు యాభైలు ఒక అరవైకి సాటి రావు.

కాబట్టి ఒక సిట్టింగ్‌కు ఒక బరువైన పేపరు. గంటలు నిజంగా మిగిలితే దాని పక్కన సీబీ1 గానీ సీబీ2 గానీ పెట్టుకోండి. కాలేజీలో ఉండి రోజంతా చేతిలో ఉన్నవాళ్లు రెండు బరువైనవి రాయొచ్చు, అదీ సీఎస్1, సీఎమ్1 లాంటి మొదటి జోడీ అయితేనే. సీఎస్1 కాకుండా సీఎస్2 జోలికి వెళ్లొద్దు, అది దాని మీదే నిలబడి ఉంది.

బీ పేపరును చివరి వారానికి వదలడం

ఎక్కువ పేపర్లు కట్టినవాళ్లు మొదట కోత పెట్టేది కంప్యూటర్ పేపరుకే. బరువైన ప్రతి పేపరుకూ రెండు భాగాలు: "ఏ" రాత ప్రశ్నలది, "బీ" కంప్యూటర్ మీద చేసేది. బీ భాగంలో సీఎస్ పేపర్లకు ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష, సీఎమ్ పేపర్లకు ఎక్సెల్. "ఏ" భాగానికి 70 శాతం, బీ భాగానికి 30 శాతం బరువు. ముప్పయ్యే కదా అనిపిస్తుంది. "ఏ" భాగంలో 62, బీ భాగంలో 40 వచ్చిందనుకోండి. 43.4కు 12 కలిపితే 55.4. పాస్ గీత ముందే చెప్పరు, ఆ సిట్టింగ్‌ను బట్టి నిర్ణయిస్తారు. అది 60 దగ్గర పడితే మీరు పోయినట్టే. అదే బీ భాగంలో 65 తెచ్చుకుంటే మొత్తం 62.9. "ఏ" భాగంతో మొత్తాన్ని అంతే పెంచాలంటే అందులో పది మార్కులు దాటి ఎక్కువ తేవాలి, అది చాలా కష్టం. బీ భాగంలో పాతిక మార్కులు మూడు వారాల సాధనతో వస్తాయి.

ఆర్‌లో కోడ్ నడిస్తే సరిపోదు. కోడ్, దాని అవుట్‌పుట్, ఆ అవుట్‌పుట్ ఏం చెబుతోందో ఒక వాక్యం, ఈ మూడూ జవాబు పత్రంలో ఉండాలి. యాదృచ్ఛిక అంకెలు ఎక్కడి నుంచి మొదలవ్వాలో చెప్పే `set.seed()` ప్రశ్నలో ఇస్తే మొదటి పని అదే. మర్చిపోతే మీకొచ్చే అంకెలు పరీక్షకుడి అంకెలతో కలవవు.

పేపర్ల మధ్య కంపెనీ చూసేది

పరీక్ష అయిపోయిన రోజు నుంచి ఫలితం వచ్చేదాకా చాలామంది ఖాళీగా ఉంటారు. కంపెనీలు చూసేది సరిగ్గా ఆ కాలాన్నే. రెండు మూడు పేపర్లు పాసైన ఫ్రెషర్‌ను ఇంటర్వ్యూలో పేపరు సిలబస్ అడిగేది తక్కువ. ఎక్సెల్ తెరిచి ఇలాంటిది చేయమంటారు.

2022 క్లెయిముల్లో మొదటి ఏడాది చివరికి 100 చెల్లించారు, రెండో ఏడాదికి మొత్తం 150, మూడో ఏడాదికి 165. 2023 క్లెయిములకు మొదట 120, తర్వాత మొత్తం 180. 2024కు ఇప్పటిదాకా 110. ఇంకా ఎంత చెల్లించాల్సి ఉంది?

సీఎమ్2 చదివినవాళ్లకు ఇది రన్ ఆఫ్ ట్రయాంగిల్, అంటే పాత ఏళ్ల చెల్లింపులు పెరిగిన తీరును బట్టి మిగిలినదాన్ని అంచనా వేయడం. మొదటి ఏడాది నుంచి రెండో ఏడాదికి గుణకం: 150, 180 కలిపిన 330ని 100, 120 కలిపిన 220తో భాగిస్తే 1.5. రెండు నుంచి మూడుకు 165ను 150తో భాగిస్తే 1.1. మూడో ఏడాదితో చెల్లింపులు పూర్తవుతాయనుకుంటే 2023కు చివరికి 198, అంటే ఇంకా 18. 2024కు 110ని 1.5తో, మళ్లీ 1.1తో గుణిస్తే 181.5, అంటే ఇంకా 71.5. ఇంకా చెల్లించడానికి పక్కన పెట్టాల్సిన మొత్తం రిజర్వు 89.5. పరీక్షలో దాదాపు ఇక్కడితో మార్కులు వచ్చేస్తాయి.

ఇంటర్వ్యూ ఇక్కడే మొదలవుతుంది. "2024లో క్లెయిముల విభాగం కొత్త సిస్టమ్ పెట్టి చెల్లింపులు వేగం చేసింది. మీ 71.5 ఎక్కువా, తక్కువా?" ఎక్కువే. 110లో మామూలుగా మరుసటి ఏడాది వెళ్లాల్సిన డబ్బు కొంత ముందే చేరిపోయింది. పాత గుణకం దాన్ని మళ్లీ పెంచుతోంది. ఈ జవాబు చెప్పలేని ఆరు పేపర్ల అభ్యర్థి కంటే చెప్పగలిగిన రెండు పేపర్ల అభ్యర్థి మీదే మేనేజరుకు నమ్మకం కలుగుతుంది. ఇది పుస్తకం మూసి, అంకెలు మార్చి మార్చి చూస్తే వచ్చే తెలివి. దానికి సమయం పరీక్షకూ ఫలితానికీ మధ్య మాత్రమే దొరుకుతుంది. నాలుగు పేపర్లు కట్టినవాళ్లు ఆ సమయంలో అలసిపోయి పడుకుని ఉంటారు.

ఉద్యోగంలో చేరాక లెక్క మారుతుంది. చాలా కంపెనీలకు ఎగ్జామ్ పాలసీ ఉంటుంది: స్టడీ లీవు, పాసైతే ఫీజు వాపసు, పేపరుకింత అని జీతంలో పెంపు. చేరేముందే ఆ కాగితం అడిగి చదవండి. లీవు పేపరుకా, సిట్టింగ్‌కా? రెండో ప్రయత్నానికి ఫీజు ఎవరిది? కంపెనీ ఏడాదికి ఎన్ని పాసవ్వాలని ఆశిస్తోంది? నిలకడగా ఏడాదికి ఒకటో రెండో పాసయ్యేవాళ్లతో ఎవరికీ పేచీ ఉండదు. ఒక సిట్టింగ్‌లో నాలుగు కట్టి, స్టడీ లీవంతా వాడుకుని, ఒక్కటీ తేలేకపోతే మాత్రం క్లోజింగ్ రోజుల్లో మీ పని మోసిన పక్క సీటువాళ్లకు అది గుర్తుంటుంది.

ఇక సీపీ1. దీనితో పాటు ఇంకేదీ కట్టొద్దు. లెక్కల్లో ఆరితేరినవాళ్లు ఇక్కడే పదే పదే ఆగిపోతారు. ఒక్క విషయాన్ని పేరాలకొద్దీ సాగదీస్తే మార్కులు రావు. ఒక్కో వేరు వేరు అంశానికి అర మార్కు లెక్కన పడుతుంటాయి, కాబట్టి పది మార్కుల ప్రశ్నకు ఇరవై చిన్న అంశాలు తట్టాలి. అది చదివి వచ్చేది కాదు, రాసి రాసి రావాల్సిందే.

మిగతావి వరసగా:

- ఒక బరువైన పేపరు. మళ్లీ చెబుతున్నా, ఒకటే.
- మీ టీమ్ క్లోజింగ్ తేదీలు చూడకుండా ఫీజు కట్టొద్దు. ఏడాది చివరి సిట్టింగ్‌కు సెప్టెంబర్ 30 క్లోజింగ్ అడ్డొస్తుంది.
- సిలబస్ ఏ ఏడాదిదో ఇన్‌స్టిట్యూట్ సైట్‌లో చూశాకే మెటీరియల్ కొనండి. సీనియర్ దగ్గర ఉచితంగా దొరికింది పాతది కావచ్చు.
- ఫార్ములాల టేబుల్స్ పుస్తకం మొదటి రోజు నుంచీ పక్కనే ఉండాలి. ఏ పేజీలో ఏముందో పరీక్షలో వెతకొద్దు.
- సీఎస్, సీఎమ్ మొదటి జోడీ అయ్యాక ఉద్యోగాలకు అప్లై చేయండి. ఇంకో రెండు అయ్యాక చూద్దామనుకోవద్దు. జీతం పేపర్లతో ముడిపడి ఉన్నచోట పది పేపర్లుండి అనుభవం సున్నా అయిన మనిషిని ఏ జీతానికి తీసుకోవాలో కంపెనీకి తెలియదు. తెలియక వదిలేస్తుంది.
- రెజ్యూమెలో పాసైనవి, రాసి ఫలితం కోసం చూస్తున్నవి విడివిడిగా రాయండి. కలిపి రాస్తే దొరికిపోతారు.
- పోయిన పేపరు గురించి అడిగితే ఎక్కడ మార్కులు పోయాయో చెప్పండి. "పేపరు టఫ్‌గా వచ్చింది" అనొద్దు, ఆ గదిలో ఉన్నవాళ్లు అదే పేపరు రాసి వచ్చారు.
- పోయిన పేపరే మళ్లీ రాయండి, వెంటనే. దాన్ని పక్కనపెట్టి కొత్తది మొదలుపెడితే చదివిన 150 గంటలు ఆవిరైపోతాయి.
- అమెరికాలో ఎమ్మెస్ చేస్తూ అక్కడి సొసైటీ ఆఫ్ యాక్చురీస్ పరీక్షలు రాసేవాళ్లు: మొదట రాసే పీ, ఎఫ్ఎమ్ పేపర్లు ఏడాదిలో చాలాసార్లు ఉంటాయి, జోడించాల్సిన అవసరమే లేదు. ఒకటి పాసవ్వగానే ఇంటర్న్‌షిప్‌లకు అప్లై చేయండి. చాలా కంపెనీలు తర్వాతి వేసవి ఇంటర్న్‌లను ముందటి ఆగస్టు, సెప్టెంబర్ నుంచే తీసుకుంటాయి. చదువయ్యాక పనిచేయనిచ్చే మొదటి విడత ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే, మూడో పేపరు కోసం ఆ రోజులు కరిగించొద్దు.
- ఇప్పటికే మూడు పేపర్లకు ఫీజు కట్టేసి ఉంటే, రెండింటి ఫీజు పోయిందనుకోండి. ఈ రాత్రే ఏది ఉంచుకుంటారో తేల్చి, మిగతా రెండింటి మెటీరియల్ బల్ల మీంచి తీసేయండి.