ప్రాక్టీస్ బిట్‌ని నమ్మే ముందు ఇవి చూసుకోండి

ముందు ఆప్షన్లు చేత్తో మూసేసి ప్రశ్న ఒక్కటే చదవండి. జవాబు చెప్పగలిగితే ఓకే, "దేని గురించి అడుగుతున్నాడు?" అనిపిస్తే ప్రశ్నలోనే లోపం ఉన్నట్టు.

తర్వాత కీ పక్కన పెట్టి, తప్పు అన్న ప్రతి ఆప్షన్ తరఫునా ఒకసారి వాదించి చూడండి. "నీరు ఎంత ఉష్ణోగ్రత దగ్గర మరుగుతుంది? 0, 100, 212, 373" అని ఒక బిట్ ఉందనుకోండి, కీలో 100 ఉంటుంది, కానీ యూనిట్ ఇవ్వలేదు కదా, ఫారెన్‌హీట్‌లో 212 కరెక్టే, కెల్విన్‌లో సుమారు 373 కూడా కరెక్టే, అంటే నాలుగింట్లో మూడు రైటు! "సాధారణ వాతావరణ పీడనం దగ్గర, సెల్సియస్‌లో" అని చేరిస్తే ఒక్కటే నిలబడుతుంది. పీడనం ఎందుకంటే, కొండ మీద 100 కంటే తక్కువకే మరుగుతుంది.

ఇక తప్పు ఆప్షన్లు. ఒక్కొక్కటీ ఏ పొరపాటు చేస్తే వస్తుందో చెప్పగలగాలి. 200ని 10 శాతం పెంచి, వచ్చినదాన్ని 10 శాతం తగ్గిస్తే ఎంత? జవాబు 198. రెండూ కొట్టేసుకుంటాయి అనుకున్నవాడికి 200 వస్తుంది, సగంలో ఆగినవాడికి 220, పెంచడం మర్చిపోయినవాడికి 180. ఇవి మంచి ఆప్షన్లు. అదే 5000 అని ఆప్షన్ ఇస్తే దాన్ని ఎవడూ ఎంచుకోడు, ఊరికే చోటు దండగ.

ఇంకోటి, కరెక్ట్ ఆప్షన్ ఒక్కటే పొడుగ్గా, "సాధారణంగా" లాంటి మాటలతో జాగ్రత్తగా రాసి ఉంటే సబ్జెక్ట్ రాకపోయినా పట్టేయొచ్చు, అలాంటి బిట్లకొచ్చిన మార్కులు లెక్కలో వేసుకోకండి.