వాలుగా తీసిన స్లైడ్ ఫొటో నుంచి పట్టిక తీసే ముందు

వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటోతో మొదలుపెట్టకండి. అది కుదించిన ఫొటో, హాలు వెనక నుంచి తీసినదైతే ముందుగా చెరిగిపోయేది దశాంశ బిందువే. అసలు ఫైల్‌ను డాక్యుమెంట్‌గా తెప్పించుకోండి.

ఫొటోను తిప్పితే వాలు పోదు. పర్‌స్పెక్టివ్ సరిచేసేటప్పుడు పట్టిక మూలలు కాకుండా స్లైడ్ నాలుగు మూలలు పట్టుకుని, దాని అసలు వెడల్పు-ఎత్తుల నిష్పత్తికి, 16:9 లేదా 4:3కి లాగండి. లేదంటే ఫొటోలోని అక్షరాలను చదివి టెక్స్ట్‌గా మార్చే ఓసీఆర్‌లో అంకెలు పక్క వరుసలోకి జారతాయి.

దూరపు అంచున అంకె ఎత్తు సుమారు 20 పిక్సెళ్లకు తగ్గితే ఓసీఆర్‌ను నమ్మొద్దు. చూసి టైప్ చేయడమే మేలు.

మొత్తం ఇచ్చి ఉంటే కూడి చూడండి. స్లైడ్‌లో 12.4, 8.6, 31.0కి మొత్తం 52.0 ఉండి, మీకు 129.4 వస్తే 8.6 కాస్తా 86 అయిందన్నమాట. వరుసలు తారుమారైతే మాత్రం కూడికలో దొరకదు, పేర్లు ఫొటోతో పోల్చాల్సిందే.