పిల్లల వయొలిన్ అద్దెకు తీసుకునే ముందు జాగ్రత్తలు

పర్లాకిమిడిలోని ఎనిమిదేళ్ల పాపకు వయొలిన్ తెప్పించే ముందు, వయసును బట్టి కాక చేతిని కొలిచి సైజు నిర్ణయించాలి. చేతిని పక్కకు పూర్తిగా చాపించి, మెడ నుంచి అరచేతి మధ్య వరకు టేపుతో కొలిచినప్పుడు సుమారు 20 అంగుళాలు వస్తే అర సైజు, 22 వస్తే ముప్పావు సైజు సరిపోతుంది. రెండింటి నడుమ ఉంటే చిన్నదే తీసుకోవాలి. ఎలాగూ ఎదుగుతుంది కదా అని పెద్దది కొంటే (గౌను కొనేటప్పుడు చెల్లే లెక్క ఇక్కడ చెల్లదు), చిటికెన వేలు స్వరస్థానాన్ని అందుకోలేక అపశ్రుతే అలవాటవుతుంది.

చిన్న సైజు ఒకటి రెండేళ్లకే చాలకపోవచ్చు కనుక అద్దె మేలు. బరంపురం నుంచో విశాఖపట్నం నుంచో తెప్పించేటప్పుడు, సైజు మార్పిడికి రవాణా ఖర్చు, తీగ తెగితే బాధ్యత ఎవరివో రాయించుకోవాలి. పద్దెనిమిది నెలల అద్దె కొత్తదాని ధరను మించితే మాత్రం కొనడమే నయం.